ఫ్రేముకో పదో వంతు లెక్క ఇక చాలు

గేమ్ కోడ్‌లో ఒక లైను ఉంది. మన కాలేజీలో ఏ టీమ్ ప్రాజెక్టు తెరిచి చూసినా ఎక్కడో ఒకచోట తగులుతుంది. కొందరు ట్యుటోరియల్ వీడియో చూసి రాస్తారు, కొందరు సీనియర్ల ప్రాజెక్టులోంచి తెచ్చుకుంటారు. యూనిటీలో అది ఇలా ఉంటుంది:

```csharp
void Update() {
    pos = Mathf.Lerp(pos, target, 0.1f);
}
```

దీని అర్థం చాలా సులువు. ప్రతి ఫ్రేములో, వెళ్ళాల్సిన చోటుకి ఇంకా ఎంత దూరం మిగిలిందో చూసుకుని, అందులో పదో వంతు జరుగు. దూరంగా ఉన్నప్పుడు వేగంగా, దగ్గరికొచ్చేకొద్దీ మెల్లగా కదులుతుంది. కెమెరాకి పెట్టినా, హెల్త్ బార్‌కి పెట్టినా, మెనూ బటన్‌కి పెట్టినా చూడ్డానికి బాగుంటుంది. ఒక్క లైనుకే ఇంత సొగసు వస్తే ఎవరు వద్దంటారు?

నేను వద్దంటున్నాను. సొగసు గురించి నాకే గొడవా లేదు. నా గొడవ న్యాయం గురించి. ఈ లైను ఉన్న గేమ్ ఎంత కష్టంగా ఉంటుందన్నది ఆడేవాడి చేతిలోని ఫోను ధరని బట్టి మారిపోతుంది. ఆ సంగతి ఆడేవాడికి తెలీదు, చాలాసార్లు రాసినవాడికీ తెలీదు.

ఎందుకు మారుతుందో అప్పు లెక్కలో చూద్దాం. మీకు 100 రూపాయల అప్పుంది. కట్టడానికి వెళ్ళిన ప్రతిసారీ మిగిలిన అప్పులో పదో వంతు కడతారు. మొదటిసారి 10 రూపాయలు, రెండోసారి మిగిలిన 90లో 9 రూపాయలు, అలా సాగుతుంది. ఇప్పుడు అప్పు ఎంత త్వరగా తీరుతుందన్నది మీరు ఎన్నిసార్లు వెళ్ళారన్నదాని మీదే ఆధారపడింది. కోడ్‌లో 'వెళ్ళడం' అంటే ఒక ఫ్రేము. సెకనుకి 30 ఫ్రేములు గీసే ఫోనులో సెకనులో పదో వంతు గడిచేసరికి 3 సార్లు కట్టినట్టు, అంటే ఇంకా 73 రూపాయలు బాకీ. 60 ఫ్రేముల స్క్రీన్‌లో 6 సార్లు, 53 రూపాయలు బాకీ. 144 హెర్ట్జ్ గేమింగ్ లాప్‌టాప్‌లో 14 సార్లు, 23 రూపాయలే బాకీ. అందరికీ గడిచిన కాలం ఒక్కటే, బాకీలు మాత్రం మూడు రకాలు.

"కెమెరా కొంచెం మెల్లగా వస్తే ఏమైంది" అంటారు. ఏమవుతుందో ఒక గేమ్‌లోనే చూపిస్తాను.

మట్టెవాడలో మా రూము పక్క రూములో ఉండే జూనియర్లు ఒక గేమ్ చేశారు. పైనుంచి చూసే టూ-డీ గేమ్. మట్టెవాడ గల్లీల్లోంచి ఆటో నడుపుకుంటూ వరంగల్ రైల్వే స్టేషన్ చేరాలి. దారిలో గుంతలు, అడ్డంగా పడుకున్న బర్రెలు, ఎదురుగా వచ్చే బండ్లు. కెమెరా ఆటో వెనకాలే వస్తుంది, పైన చూపించిన అదే లైనుతో. టీమ్‌లో ఒకతను గేమింగ్ లాప్‌టాప్‌లో రాశాడు, ఇంకొకతను పాత ఫోనులో ఆడి చూశాడు. ఫోనులో ఆడినవాడు ప్రతిసారీ గుంతలో పడుతున్నాడు.

"అన్నా, నా లాప్‌టాప్‌ల మంచిగనే నడుస్తుంది. వీనికి ఆడుడు రాదు," అన్నాడు రాసినవాడు.

"ఆడుడు రాక కాదు తమ్మీ, వానికి గుంత కనపడేదే లేటు," అన్నాను.

లెక్క చూడండి. ఆటో సెకనుకి 10 మీటర్లు పోతోంది, అంటే గంటకి 36 కిలోమీటర్లు. ఆటో అదే వేగంతో పోతున్నంతసేపు కెమెరా దాన్ని ఎప్పుడూ పూర్తిగా అందుకోలేదు, కొంత వెనకబడే ఉంటుంది. ఎంత వెనక? ఒక ఫ్రేములో ఆటో ముందుకెళ్ళిన దూరం, అదే ఫ్రేములో కెమెరా జరిగిన దూరం సమానమైన చోట ఆ ఎడం స్థిరపడుతుంది. కెమెరా జరిగేది ఎడంలో పదో వంతు. కాబట్టి జరగకముందు ఎడం ఆటో ఫ్రేము దూరానికి 10 రెట్లు, జరిగాక 9 రెట్లు ఉంటుంది.

30 ఫ్రేముల ఫోనులో ఆటో ఒక్కో ఫ్రేముకి 33 సెంటీమీటర్లు పోతుంది. 9 రెట్లంటే కెమెరా 3 మీటర్లు వెనక. 60 ఫ్రేముల్లో 1.5 మీటర్లు వెనక. 144 ఫ్రేముల్లో దాదాపు 63 సెంటీమీటర్లే వెనక.

ఆ గేమ్‌లో స్క్రీన్ మధ్య నుంచి ముందువైపు అంచు దాకా 8 మీటర్ల రోడ్డు కనిపిస్తుంది. కెమెరా వెనకబడిందంటే ఆటో స్క్రీన్‌లో ముందు అంచువైపు జరిగినట్టే, ముందున్న రోడ్డు అంత తగ్గినట్టే. పాత ఫోనులో ముందు 5 మీటర్లే కనిపిస్తుంది. అంటే గుంత కనపడ్డాక తప్పించుకోవడానికి అర సెకను. 60 ఫ్రేముల స్క్రీన్‌లో 0.65 సెకను. గేమింగ్ లాప్‌టాప్‌లో 0.74 సెకను. ఇలాంటి గేమ్‌లో పావు సెకను తేడా అంటే గుంతకీ రోడ్డుకీ ఉన్నంత తేడా. ఒకే గేమ్, ఒకే కోడ్. ఖరీదైన మెషిను ఉన్నవాడికి తేలిక, పాత ఫోను ఉన్నవాడికి కష్టం. దీన్ని నేను బగ్ అనే అంటాను, రుచిభేదం అనను.

ఈ సంగతి చెప్పగానే చాలామంది ఇచ్చే మందు ఒకటుంది: "డెల్టా టైమ్‌తో గుణించెయ్."

```csharp
pos = Mathf.Lerp(pos, target, 6f * Time.deltaTime);
```

`Time.deltaTime` అంటే ముందరి ఫ్రేము నుంచి ఇప్పటిదాకా గడిచిన సెకన్లు. 60 ఫ్రేముల్లో 6ని దాంతో గుణిస్తే సరిగ్గా 0.1 వస్తుంది, 30లో 0.2, 144లో 0.042. ఇది నిజంగానే చాలావరకు నయం చేస్తుంది. మన ఆటో కెమెరా ఇప్పుడు 30లో 1.33 మీటర్లు, 60లో 1.5, 144లో 1.6 మీటర్లు వెనక ఉంటుంది. 3 మీటర్లతో పోలిస్తే ఎంతో మేలు. అందుకే ఈ మందు ఇంతకాలం చెల్లుబాటైంది. అన్‌రియల్ ఇంజిన్‌లోని `FInterpTo` కూడా లోపల చేసేది ఇదే: డెల్టా టైమ్‌ని వేగంతో గుణించి, 0కీ 1కీ మధ్య కత్తిరిస్తుంది.

కానీ ఇది రోగం తగ్గించే మందే, కుదిర్చే మందు కాదు. 30 ఫ్రేముల ఫోనులో ఒక్క ఫ్రేము గడిచేంతలో 60 ఫ్రేముల స్క్రీన్‌లో రెండు గడుస్తాయి. మొదటిదానిలో మిగిలేది 0.8 వంతు. రెండోదానిలో మిగిలేది 0.9లో 0.9, అంటే 0.81 వంతు. రెండూ సమానం కావాలి, కాలేదు. 6 లాంటి చిన్న వేగానికి ఈ తేడా కంటికి ఆనదు. వేగం పెరిగితే బయటపడుతుంది.

గురి పెట్టే క్రాస్‌హెయిర్ చురుగ్గా ఉండాలని 25 పెట్టారనుకుందాం. ఫోను ఏదో లోడ్ చేస్తూ ఒక్క ఫ్రేముకి 0.1 సెకను ఆగింది. 25 గుణకం 0.1 అంటే 2.5. మిగిలిన దూరంలో రెండున్నర రెట్లు జరుగు అని మనమే చెప్పినట్టు! 4 మీటర్ల దూరం ఉంటే 10 మీటర్లు జరిగి, గురి దాటి 6 మీటర్లు అవతలికి పోతుంది. ఇంకో ఫ్రేము అలాగే ఆగితే వెనక్కి దూకి 9 మీటర్లు ఇవతలికి వస్తుంది. ఆగుతున్నకొద్దీ దగ్గరవ్వడం పోయి దూరమవుతూ పోతుంది. యూనిటీలో `Mathf.Lerp` మూడో విలువని 1 దగ్గర కత్తిరిస్తుంది కాబట్టి ఊగులాట ఉండదు, గభాలున వెళ్ళి గురికి అతుక్కుంటుంది. గోడో ఇంజిన్ `lerp` అలా కత్తిరించదు, కాబట్టి అక్కడ ఈ ఊగులాట కళ్ళారా చూడొచ్చు.

మరి సరైన దారేంటి? పైన చెప్పిన 0.8, 0.81 దగ్గరే జవాబు ఉంది. ఒక పెద్ద ఫ్రేము తర్వాత మిగిలేది, దాన్ని ఎన్ని చిన్న ఫ్రేములుగా విరిచినా ఆ ముక్కల తర్వాత మిగిలేదానితో సమానం కావాలి. ముక్కల కాలాలు కూడుతాం, మిగిలిన వంతులు గుణిస్తాం. కూడికని గుణకారంగా మార్చే ఫంక్షన్ ఏది? ఇంటర్‌లోనే చదివాం: ఘాతం. కాబట్టి మిగిలే వంతుని డెల్టా టైమ్ మీద సరళరేఖలా తగ్గించకూడదు, డెల్టా టైమ్‌ని ఘాతంలో పెట్టాలి. 60 ఫ్రేములకి 0.9 మిగలాలంటే ఏ ఫ్రేముకైనా మిగిలేది 0.9^(60·dt). dt ముప్పయ్యో వంతు అయితే 0.9^2, అంటే 0.81. సరిపోయింది. లెక్క దానంతటదే కుదిరింది, ఎక్కడా కత్తిరించాల్సిన పని లేదు. dt ఎంత పెద్దదైనా మిగిలే వంతు సున్నాకి దగ్గరవుతుందే తప్ప సున్నా దాటి అవతలికి పోదు.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. వేడి వస్తువు చల్లారే తీరు గురించి న్యూటన్ 1701లో అచ్చు వేయించిన సూత్రం ఇదే. కప్పులో చాయ్‌కీ గదికీ మధ్య ఉన్న వేడి తేడా, కాలంతోపాటు ఒకే వంతున తగ్గుతుంది. మీరు ఆ చాయ్‌ని నిమిషానికోసారి చూసినా, సెకనుకోసారి చూసినా అది చల్లారే కాలం మారదు. మన గేమ్ కోడ్‌లో మాత్రం ఎన్నిసార్లు చూస్తే అంత త్వరగా చల్లారుతోంది. గేమ్ డెవలపర్లలో కూడా ఈ మాట చాలామంది చెప్పారు. ఫ్రేయా హోల్మేర్ 2024లో ఈ ఒక్క లైను తప్పు మీదే ఒక ఉపన్యాసం ఇచ్చింది, ఇంగ్లీషులో దొరుకుతుంది.

ఇక్కడ నాదైన అభిప్రాయం ఇంకొకటి ఉంది. ఎక్కువమంది ఈ సూత్రాన్ని `exp(-k * dt)` అని రాసి వదిలేస్తారు. లెక్క సరైనదే, కానీ k అంటే ఏమిటో టీమ్‌లో బొమ్మలు గీసే అమ్మాయికి ఎలా చెప్తారు? "సెకనుకి 6.32" అంటే ఎవరికి అర్థమవుతుంది? దాని బదులు సగమయ్యే కాలం వాడదాం. మిగిలిన దూరం సగానికి తగ్గడానికి ఎంతసేపు పట్టాలి? ఇది ఎవరైనా ఊహించగలరు. ఫిజిక్సులో రేడియోధార్మికత పాఠంలో చదివిన అర్ధజీవిత కాలమే ఇది.

```csharp
float Damp(float a, float b, float half, float dt) {
    return b + (a - b) * Mathf.Pow(2f, -dt / half);
}
```

అంతే. ఒక్క లైను పోయి ఇంకో లైను వచ్చింది. `half` అంటే సెకన్లలో సగమయ్యే కాలం, అది సున్నా కాకుండా మాత్రం చూసుకోవాలి. పాత గేమ్ ఉంటే సంఖ్యలు మార్చుకోవడం కూడా తేలికే. 60 ఫ్రేముల్లో సరిచూసుకున్న 0.1కి సగమయ్యే కాలం 0.11 సెకను. 0.05కి 0.225, 0.2కి 0.052. ఒక జాగ్రత్త: మీరు సరిచూసుకున్న మెషిను 60 ఫ్రేములదా, 144దా అన్నది ముందు తెలుసుకోండి. 144లో నచ్చిన 0.1ని 60 లెక్కన మారిస్తే కెమెరా రెండింతలకు పైగా మెల్లగా అనిపిస్తుంది.

దీనికి వచ్చే ఎదురువాదనలు రెండు విన్నాను. ఒకటి, "గేమ్‌ని 60కి కట్టేస్తే అయిపోతుంది కదా." గేమింగ్ లాప్‌టాప్‌ని కిందికి లాగడం కుదురుతుంది. 30 దాటలేని ఫోనుని 60కి లేపడం మాత్రం ఎవరి వల్లా కాదు. అన్యాయం జరిగేది ఆ ఫోనుకే. రెండోది, "`FixedUpdate`లో పెట్టెయ్, అది ఎప్పుడూ ఒకే లయలో నడుస్తుంది." నిజమే, యూనిటీలో అది మామూలుగా 0.02 సెకనుకోసారి, అంటే సెకనుకి 50 సార్లు నడుస్తుంది. భౌతిక లెక్కలకి అదే సరైన చోటు. కానీ కెమెరా సెకనుకి 50 సార్లే కదిలితే 60 ఫ్రేముల స్క్రీన్‌లో కొన్ని ఫ్రేముల్లో కదలక నిలబడిపోతుంది, చూపు తడబడుతుంది. పైగా రేపెవరో బ్యాటరీ ఆదా అవుతుందని 0.02ని 0.04 చేస్తే మీ 0.1 మళ్ళీ కొత్త అర్థం తెచ్చుకుంటుంది.

ఘాతం అన్నిటికీ సమాధానం కాదని కూడా చెప్పాలి. గురి కదలకుండా ఉన్నప్పుడు ఈ లెక్క అచ్చంగా సరిపోతుంది. ఆటోలాగా గురి కదులుతూనే ఉంటే చిన్న తేడా మిగులుతుంది, ఎందుకంటే ఒక్కో ఫ్రేము మధ్యలో ఆటో ఎక్కడుందో మన ఫంక్షన్‌కి తెలీదు, ఫ్రేము చివర ఎక్కడుందో మాత్రమే తెలుసు. సగమయ్యే కాలం 0.11 సెకనుతో మన కెమెరా 30లో 1.42 మీటర్లు, 60లో 1.5, 144లో 1.55 మీటర్లు వెనక ఉంటుంది. పాత ఫోనులో గుంత కనపడ్డాక దొరికే సమయం 0.66 సెకను, లాప్‌టాప్‌లో 0.65. ఇంతకు ముందున్న పావు సెకను తేడా వందో వంతు సెకను దగ్గరికి వచ్చింది. పాత ఫోనువాడికి ఇక ఫిర్యాదు లేదు.

ఇంకొకటి, ఈ కదలిక మొదలయ్యేటప్పుడు జర్కుగా ఉంటుంది. గురి ఒక్కసారిగా దూరం జరిగితే మొదటి ఫ్రేములోనే వేగం పూర్తిగా వచ్చేస్తుంది. మెల్లగా మొదలై మెల్లగా ఆగాలంటే యూనిటీలోని `SmoothDamp` వాడాలి. అది స్ప్రింగు లెక్క, వేగాన్ని కూడా గుర్తుపెట్టుకుంటుంది, డెల్టా టైమ్‌నీ తీసుకుంటుంది. కోణాలకి కూడా పైన ఇచ్చిన ఫంక్షన్‌ని నేరుగా వాడొద్దు. 350 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకి పోవాలంటే 20 డిగ్రీలు తిరిగితే చాలు, అది మాత్రం 340 డిగ్రీలు వెనక్కి తిప్పుతుంది.

మీ గేమ్‌లో ఈ జబ్బు ఉందో లేదో కనుక్కోవడానికి అయిదు నిమిషాలు చాలు. కింది రెండు లైన్లు పెట్టి ఒకసారి 20తో, ఇంకోసారి 120తో నడపండి.

```csharp
QualitySettings.vSyncCount = 0;
Application.targetFrameRate = 20;
```

గురి కదిలాక మిగిలిన దూరం సగమవ్వడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రెండుసార్లూ కన్సోల్‌లో చూడండి. ఫ్రేముల్లో కాదు, సెకన్లలో. 20లో ఒక ఫ్రేము అటూ ఇటూ అయితే ఫరవాలేదు, ఆరు రెట్లు తేడా వస్తే పాత లైను ఎక్కడో దాక్కుని ఉన్నట్టే. ఇంకో తేలిక గుర్తు: గేమ్‌ని `Time.timeScale = 0`తో పాజ్ చేయండి. అన్నీ ఆగాక కూడా కెమెరా ఒక్కటే మెల్లగా జారుతూ ఉంటే, దానికి కాలంతో సంబంధం లేదన్నమాట, ఫ్రేములు లెక్కపెట్టుకుంటోంది.

వచ్చే ఫెస్టులో గేమ్ పోటీ పెట్టేవాళ్ళకి నాదొక విన్నపం. నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చండి: పంపిన ప్రతి గేమ్‌నీ జడ్జిలు 30 ఫ్రేముల్లో ఒకసారి, 120లో ఒకసారి ఆడి చూస్తారు. ఆ ఒక్క వాక్యం చదివాక `0.1f` అని టైప్ చేయబోయే వేలు దానంతటదే ఆగుతుంది.